కాపలా చేతులు మారితే: ఫైబర్ పెట్టెలో బ్రిడ్జ్ మోడ్

అందరికీ నమస్కారం. ఇంటర్నెట్ కంపెనీ వాళ్లు మన గోడకు బిగించి వెళ్లే తెల్ల పెట్టె గురించి ఈరోజు మాట్లాడమన్నారు. ముందు ఒక ఇంటి సంగతి చెబుతాను. హనుమకొండలో రెండంతస్తుల ఇల్లు. కింద రిటైరైన లెక్చరర్ దంపతులు, పైన ఇంటి నుంచే ఉద్యోగం చేసుకునే వాళ్ల అబ్బాయి. ఫైబర్ పెట్టె కింద హాల్లో, వీధి తలుపు పక్కన ఉంది. దాని వైఫై పైకి సరిగా అందడం లేదని అబ్బాయి మంచి రౌటర్ ఒకటి కొన్నాడు. కింది పెట్టె నుంచి కేబుల్ లాగి, పైన దాని `WAN` పోర్టులో పెట్టాడు. నెట్ వచ్చింది, వేగం బాగుంది. కానీ కింద ఉన్న ప్రింటర్ పై ల్యాప్‌టాప్‌కు కనిపించడం మానేసింది. బయట ఊళ్లో ఉన్నప్పుడు ఇంట్లోని ఫైళ్లు చూసుకుందామని, బయటి పిలుపును లోపలి పరికరానికి చేర్చే పోర్టు ఫార్వార్డింగ్ రౌటర్‌లో పెడితే అదీ పనిచేయలేదు. ఎవరో ‘బ్రిడ్జ్ మోడ్ పెట్టించు, అన్నీ సర్దుకుంటాయి’ అన్నారట. నాకు ఫోన్ చేశాడు.

ఆ తెల్ల పెట్టె చూడటానికి ఒకటే అయినా లోపల రెండు పనులు చేస్తుంది. ఒకటి, గాజు తీగలో వచ్చే వెలుగును విద్యుత్ సంకేతంగా మార్చడం. మన దగ్గర ఎక్కువగా ఉన్న జీపాన్ ఫైబర్‌లో 1490 నానోమీటర్ల వెలుగు మన వైపు వస్తుంది, 1310 నానోమీటర్లది మన నుంచి వెళ్తుంది. ఈ పని చేసే భాగాన్ని ఓఎన్‌టీ అంటారు. రెండోది రౌటర్ పని. కంపెనీ ఇచ్చిన ఒక్క చిరునామాను ఇంట్లోని ఫోన్లకు, టీవీకి, ల్యాప్‌టాప్‌కు పంచుతుంది, లోపలి నుంచి ఎవరు ఏమి అడిగారో గుర్తు పెట్టుకుంటుంది, ఎవరూ అడగకుండా బయటి నుంచి వచ్చినదాన్ని గడప దాటనివ్వదు. చిరునామా పంచే ఈ పద్ధతికి న్యాట్ అని పేరు. మన ఇళ్లలో అది కాపలా పని కూడా చేసిపెడుతోంది.

ఇప్పుడు ఆ అబ్బాయి పెట్టిన ఏర్పాటు చూడండి. కింది పెట్టె కాపలా కాస్తోంది, పైన కొత్త రౌటర్ ఇంకో కాపలా. కింది పెట్టె `192.168.1.1`. పై రౌటర్‌కు అది `192.168.1.5` అనే చిరునామా ఇచ్చింది. పై రౌటర్ తన పరికరాలకు `192.168.0` తో మొదలయ్యే చిరునామాలు ఇస్తోంది. ఒకే ఇంట్లో రెండు కాపురాలు. ప్రింటర్ ఒక కాపురంలో, ల్యాప్‌టాప్ మరో కాపురంలో. పై రౌటర్‌లో ఎన్ని తలుపులు తెరిచినా కింది గుమ్మం మూసే ఉంది. దీన్నే డబుల్ న్యాట్ అంటారు. ఇది ఉన్నంత మాత్రాన నెట్ నెమ్మదించదు. వీడియోలు చూసేవాళ్లకు, ఆఫీసు వీపీఎన్ వాడేవాళ్లకు తేడా తెలియకపోవచ్చు కూడా. బయటి నుంచి లోపలికి రావాల్సిన పని ఉన్నప్పుడే ఇది అడ్డం పడుతుంది.

బ్రిడ్జ్ మోడ్ అంటే కింది పెట్టెను రౌటర్ పని నుంచి తప్పించడం. అది వెలుగును సంకేతంగా మార్చి, వచ్చింది వచ్చినట్టు ఒక పోర్టులోంచి పంపేస్తుంది. చిరునామా పంచడం, లాగిన్ కావడం, కాపలా కాయడం అన్నీ మన రౌటర్ నెత్తిన పడతాయి. ఆ చివరి మాట గుర్తుంచుకోండి. కాపలా పోలేదు, చేతులు మారింది. అందుకున్న చెయ్యి గట్టిదా కాదా అన్నదే ఈరోజు అసలు విషయం.

నేను ఆ అబ్బాయిని అడిగిన మొదటి ప్రశ్న, ‘నీకు కావలసింది వైఫై మాత్రమేనా?’ అని. వైఫై అందడమే సమస్య అయితే బ్రిడ్జ్ మోడ్ అక్కర్లేదు. కొత్త రౌటర్‌నే యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మారిస్తే చాలు. అప్పుడు కింది పెట్టె ఒక్కటే కాపలా కాస్తుంది, పై రౌటర్ వైఫై మాత్రం వెదజల్లుతుంది. ఇల్లంతా ఒకే కాపురం, ప్రింటర్ కనిపిస్తుంది. ఇది పది నిమిషాల పని, కంపెనీతో మాట కూడా అవసరం లేదు. నన్ను పిలిచే పది ఇళ్లలో ఏడెనిమిదింటికి నేను చేసేది ఇదే. బ్రిడ్జ్ పెట్టించుకున్నానని గొప్పగా చెప్పుకోవడానికి తప్ప దానితో పనిలేని వాళ్లను చాలామందిని చూశాను.

ఈ అబ్బాయి సంగతి వేరు. బయటి నుంచి తన సొంత వీపీఎన్ అనే రహస్య దారి ద్వారా ఇంటికి రావాలి, పిల్లల ఫోన్లకు సమయ పరిమితులు పెట్టాలి, ఇంటి కెమెరాలను మిగతా నెట్‌వర్క్ నుంచి విడదీయాలి. కంపెనీ పెట్టెలో ఇవేవీ లేవు. అలాంటప్పుడు బ్రిడ్జ్ మోడ్‌కు అర్థం ఉంది. అయినా ముందుగా ఒకటి చూడాలి. కింది పెట్టె పేజీలో దాని బయటి చిరునామా ఎంత? `100.64` నుంచి `100.127` మధ్య మొదలైతే, కంపెనీ తన దగ్గరే ఇంకో న్యాట్ పెట్టి వందల ఇళ్లకు ఒకే చిరునామా పంచుతోందని అర్థం. 2012లో ఈ వరుసను ప్రత్యేకంగా ఆ పనికే కేటాయించారు. అంటే మన ఇంటి రెండు గుమ్మాల అవతల, వీధి చివర మూడో గేటు ఉందన్నమాట. బ్రిడ్జ్ మోడ్ దాన్ని తీయలేదు. ఈ ఇంట్లో సరిగ్గా అదే జరిగింది, చిరునామా `100.72` తో మొదలైంది. నెలకు కొంత అదనంగా కట్టి, మన ఇంటికే సొంతంగా మారకుండా ఉండే చిరునామా, అంటే స్టాటిక్ ఐపీ తీసుకుంటేనే బ్రిడ్జ్ వల్ల నువ్వు అనుకున్న ఉపయోగం ఉంటుందని చెప్పాను. తీసుకున్నాడు. ఈ ఒక్కటి చూడకుండా రోజంతా రౌటర్‌తో కుస్తీ పట్టినవాళ్లు ఎందరో ఉన్నారు.

ఇక పని మొదలుపెట్టాం. కింది పెట్టెలోని ప్రతి పేజీని ముందు ఫోన్‌తో ఫోటో తీశాను. తిరిగి రావాల్సి వస్తే దారి ఉండాలి కదా. కంపెనీ నెట్‌వర్క్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతిని పీపీపీఓఈ అంటారు, దాని యూజర్ పేరు, పాస్‌వర్డ్ కంపెనీని అడిగాం. బిల్లు కట్టే యాప్ పాస్‌వర్డ్ వేరు, ఇది వేరు. ఇంతకాలం ఆ పెట్టే వీటిని పంపి లాగిన్ అవుతోంది కాబట్టి మనకు ఎప్పుడూ అవసరం పడలేదు. తర్వాత కొత్త రౌటర్ లోపలి చిరునామాను `192.168.50.1` కి మార్చాను. ఇప్పటికి వరుసలు వేరే అయినా, మన రౌటర్, కింది పెట్టె రెండూ ఎప్పుడైనా ఒకే వరుసలో పడితే రేపు ఆ పెట్టె పేజీ తెరవాలన్నప్పుడు ఎవరిని పిలుస్తున్నామో రౌటర్‌కే తెలియదు.

కింది పెట్టెలో `WAN` పేజీ తెరిస్తే ఒకటి కాదు, మూడు కనెక్షన్లు కనిపించాయి. ఒకదాని పేరులో `INTERNET`, ఒకదానిలో `TR069`, ఇంకోదానిలో `VOIP` ఉన్నాయి. మార్చాల్సింది మొదటిది ఒక్కటే. రెండోది కంపెనీ దూరం నుంచి పెట్టెను నిర్వహించుకునే దారి. మూడోది ల్యాండ్‌లైన్ ఫోను మాట్లాడే దారి. దాన్ని కదిలిస్తే నెట్ బాగానే ఉంటుంది, ఫోను మూగబోతుంది. ఆ సంగతి వారం తర్వాత అమ్మమ్మ ఫోన్ చేసి ఎవరూ ఎత్తలేదని అలిగినప్పుడు తెలుస్తుంది. `INTERNET` కనెక్షన్‌ను `Route` నుంచి `Bridge` కు మార్చాను. ఆ కనెక్షన్‌ను కంపెనీ గుర్తుపట్టే వీల్యాన్ సంఖ్యను మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంచాలి. అది తప్పితే అవతల పలికేవాళ్లే ఉండరు. కింద పోర్టుల వరుసలో `LAN1` కు మాత్రమే టిక్కు ఉంచి, మిగతా పోర్టులకు, వైఫై పేర్లకు తీసేశాను. ఆ పెట్టె వైఫైని కూడా ఆపేశాను. చిరునామాలు పంచే డీహెచ్‌సీపీని అన్నిటికంటే చివర ఆపాలి. ముందే ఆపితే, ల్యాప్‌టాప్‌కు చేత్తో చిరునామా ఇచ్చుకుంటే తప్ప మళ్లీ ఆ పేజీలోకి వెళ్లలేము.

కొన్ని పెట్టెల్లో మనకిచ్చిన లాగిన్‌కు ఈ పేజీయే కనిపించదు. అలాంటప్పుడు కంపెనీకి ఫోన్ చేసి వాళ్లచేతే మార్పించుకోవడం మంచిది. ఎక్కడో రాసి ఉన్న పెద్ద పాస్‌వర్డ్ వెతికి లోపలికి దూరేవాళ్లున్నారు. మనకు దొరికిన పాస్‌వర్డ్ ఇంకొకరికి దొరకదా? ఆ ఆలోచన వస్తే నిద్ర పట్టదు.

కొత్త రౌటర్‌లో పీపీపీఓఈ వివరాలు ఇచ్చాం. కలవలేదు. అబ్బాయి ముఖం చిన్నబోయింది. ఇక్కడ రెండు కారణాలు మామూలుగా ఉంటాయి. పాత పెట్టె లాగిన్ కంపెనీ సర్వర్‌లో ఇంకా తెగకుండా వేలాడుతూ ఉండవచ్చు. పెట్టె కరెంటు తీసి పది నిమిషాలు ఆగితే అది తెగుతుంది. అలా చేసినా కలవకపోతే, కంపెనీ పాత పెట్టె మ్యాక్ చిరునామాను, అంటే ఆ పరికరపు సొంత గుర్తింపు సంఖ్యను, మన ఖాతాకు కట్టేసి ఉండవచ్చు. ఇక్కడ రెండోదే. ఫోన్ చేసి ఆ ముడి విప్పించుకున్నాక కలిసింది. కొత్త రౌటర్ పేజీలో స్టాటిక్ ఐపీ కనిపించింది.

అరగంటలో రెండు ఫిర్యాదులు వచ్చాయి. మొదటిది, కొన్ని సైట్లు వెంటనే తెరుచుకుంటున్నాయి, ఒక బ్యాంకు పేజీ మాత్రం సగంలో ఆగిపోతోంది. ఇది పీపీపీఓఈతో వచ్చే పాత జబ్బు. మామూలు ఈథర్‌నెట్‌లో ఒక ప్యాకెట్ 1500 బైట్లు మోస్తుంది. పీపీపీఓఈ తన చీటీ కోసం అందులో 8 బైట్లు తీసుకుంటుంది, మిగిలేది 1492. రౌటర్‌కు ఆ సంగతి చెప్పకపోతే పెద్ద ప్యాకెట్లు దారిలో రాలిపోతాయి, చిన్నవి వెళ్తుంటాయి. అందుకే కొన్ని తెరుచుకుని కొన్ని ఆగుతాయి. విండోస్ కంప్యూటర్‌లో ఇలా పరీక్షించవచ్చు:

```
ping -f -l 1464 8.8.8.8
ping -f -l 1465 8.8.8.8
```

1464కు శీర్షికల 28 బైట్లు కలిపితే 1492. మొదటిదానికి జవాబు వచ్చి, రెండోది ముక్కలు చేయకుండా పంపలేనని చెబితే అంతా సరిగ్గా ఉన్నట్టు. రెండోది ఆ మాట కూడా చెప్పకుండా, జవాబు లేకుండా ఆగిపోతే రౌటర్‌లో ఎంటీయూ, అంటే ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం, ఎంతుందో చూడాలి. ఇక్కడ అది 1500గా ఉంది, 1492 చేశాక బ్యాంకు పేజీ తెరుచుకుంది.

రెండో ఫిర్యాదు కింది నుంచి లెక్చరర్ గారిది. కెమెరాలు చనిపోయాయి. రికార్డర్ వైరు కింది పెట్టెలోని `LAN2` లో ఉంది. ఆ పెట్టె ఇప్పుడు రౌటర్ కాదు కదా, దానికి చిరునామా ఇచ్చేవాడు లేడు. ప్రింటర్‌దీ అదే గతి. పై రౌటర్ నుంచి కిందికి ఇంకో కేబుల్ లాగాలి, లేదా రౌటర్‌నే కిందికి తేవాలి. చివరికి రౌటర్ కిందికి దిగి కంపెనీ పెట్టె పక్కనే కూర్చుంది, పైకి వెళ్లే కేబుల్ చివర ఇంకో చిన్న యాక్సెస్ పాయింట్ కొనాల్సి వచ్చింది. పై అంతస్తు కోసం కొన్న రౌటర్ కింద స్థిరపడింది. ఈ ఖర్చును ఎవరూ ముందు లెక్క వేయరు.

ఇప్పుడు ప్రమాదాల దగ్గరికి వద్దాం. 2005 ప్రాంతాల్లో ఏడీఎస్‌ఎల్ మోడెమ్‌లు వచ్చిన రోజులు మీలో కొందరికి గుర్తుండే ఉంటాయి. అప్పుడు చాలామంది మోడెమ్‌ను బ్రిడ్జ్‌లో పెట్టి, విండోస్‌లోనే యూజర్ పేరు కొట్టి ‘డయల్’ చేసేవారు. అంటే మధ్యలో రౌటరే లేదు, కంప్యూటరే నేరుగా వీధిలో నిలబడేది. 2003లో బ్లాస్టర్ అనే పురుగు అలా నిలబడ్డ విండోస్ యంత్రాలలోకి, ఎవరూ ఏదీ నొక్కకుండానే దూరింది. 2017లో వన్నాక్రై కూడా 445 పోర్టు తెరిచి ఉన్న యంత్రాలను వెతుక్కుంటూ అదే దారిలో వ్యాపించింది. అందుకని బ్రిడ్జ్ చేసిన పెట్టెకు, ‘ఊరికే చూద్దాం’ అని ల్యాప్‌టాప్ నేరుగా తగిలించి డయల్ చేయకండి. పీపీపీఓఈ కాకుండా చిరునామా దానంతట అదే ఇచ్చే కనెక్షన్లలో, ముఖ్యంగా కేబుల్ మోడెమ్‌ల వైపు, ఇంకా జాగ్రత్త కావాలి. అక్కడ డయల్ చేసే పని కూడా లేదు, వైరు పెట్టిన యంత్రం వెంటనే వీధిలో ఉన్నట్టే.

మన రౌటర్ మధ్యలో ఉంటే సరేనా? సరే, కానీ దానికి తాళం వేసేవాడు ఇప్పుడు మీరే. 2016 నవంబరులో జర్మనీలో డాయిచే టెలికామ్ ఖాతాదారుల రౌటర్లు దాదాపు 9 లక్షలు కుప్పకూలాయి. 7547 పోర్టులో ఉండే దూర నిర్వహణ దారి మీద మిరాయ్ అనే పురుగు రకం దాడి అది. అది విని ‘చూశారా, కంపెనీ పెట్టె అంతే, బ్రిడ్జే మేలు’ అంటారు. సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఆ కంపెనీ కొత్త ఫర్మ్‌వేర్, అంటే రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్, పంపి వాటిని బాగుచేసింది. 2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే హానికర సాఫ్ట్‌వేర్ బయటపడినప్పుడు, జనం తమంతట కొనుక్కున్న రౌటర్లు, నిల్వ పెట్టెలు కలిపి కనీసం 5 లక్షలు దాని బారిన పడి ఉన్నాయి. వాటికి ఫర్మ్‌వేర్ ఎవరు పెట్టాలి? కొన్నవాళ్లే. బ్రిడ్జ్ పెట్టించుకున్న రోజు నుంచి మీ రౌటర్ తయారీదారు ఇంకా అప్‌డేట్లు ఇస్తున్నాడా అని చూసే పని మీ ఇంటి పని. ఇవ్వడం ఆగిపోయిన పాత రౌటర్‌తో బ్రిడ్జ్ చేయడం కంటే కంపెనీ పెట్టెను అలాగే ఉంచడం నయం.

హనుమకొండ ఇంట్లో నేను గట్టిగా వాదించింది రికార్డర్ విషయంలో. స్టాటిక్ ఐపీ వచ్చింది కదా, రికార్డర్‌కు పోర్టు తెరిచేద్దాం, అమెరికాలో ఉన్న అక్క చూసుకుంటుంది అన్నాడు అబ్బాయి. ఒక సాయంత్రం తెరిచి ఉంచి, మర్నాడు రికార్డర్‌లోని లాగిన్ చిట్టా చూపించాను. మాకు ముక్కూ మొహం తెలియని చిరునామాల నుంచి `admin` పేరుతో వరుసగా ప్రయత్నాలు. ఎవరో ప్రత్యేకంగా మన ఇంటిని ఎంచుకున్నారని కాదు, ప్రపంచంలో ఉన్న ప్రతి చిరునామాను తట్టి చూసే యంత్రాలు పగలూ రాత్రీ తిరుగుతుంటాయి. నిజం చెప్పాలంటే ఆ ఒక్క రాత్రి కూడా తెరవకుండా ఉండాల్సింది, కానీ మాటతో నమ్మే వయసు కాదు అతనిది. తలుపు మూసేసి, రౌటర్‌లో వైర్‌గార్డ్ వీపీఎన్ పెట్టాం. బయటికి తెరిచింది ఒకే ఒక యూడీపీ పోర్టు, 51820. సరైన తాళంచెవి లేనివాడు తడితే అది బదులే ఇవ్వదు. అక్క ఫోన్‌లో ఆ తాళంచెవి ఉంది, వీపీఎన్ వేసుకుని కెమెరాలు చూస్తుంది. రౌటర్ నిర్వహణ పేజీ బయటి నుంచి తెరుచుకోకుండా, పరికరాలు అడగ్గానే పోర్టులు తెరిచే యూపీఎన్‌పీ పనిచేయకుండా ఆపేశాను.

ఐపీవీ6 గురించి ఒక మాట. అందులో ప్రతి పరికరానికీ సొంత చిరునామా ఉంటుంది, న్యాట్ ఉండదు. కాబట్టి న్యాట్ ఇస్తున్న ఆ యాదృచ్ఛికమైన కాపలా కూడా ఉండదు. ఫైర్‌వాల్ ఒక్కటే దిక్కు. మీ రౌటర్‌లో ఐపీవీ6 ఫైర్‌వాల్ అనే మీట విడిగా ఉంటే అది వేసి ఉందో లేదో చూడండి.

అన్నిటికంటే కనిపెట్టడం కష్టమైనది ఇంకొకటి ఉంది. మూడు నెలల తర్వాత పిడుగుల వానకు కింది పెట్టె కాలిపోయింది. కంపెనీ మనిషి వచ్చి కొత్తది బిగించి, తన ఫోన్‌లో నెట్ వస్తోందని చూసి వెళ్లిపోయాడు. కొత్త పెట్టె సహజంగానే `Route` లో ఉంది. మన రౌటర్ పీపీపీఓఈ కోసం పిలుస్తోంది, జవాబు లేదు. ఇంట్లో వాళ్లు ఎవరినో అడిగి రౌటర్‌ను ‘ఆటోమేటిక్ ఐపీ’కి మార్చారు. నెట్ వచ్చేసింది, అందరూ సంతోషం. వీపీఎన్ మాత్రం పనిచేయదు, ఎందుకంటే డబుల్ న్యాట్ మళ్లీ వచ్చింది. అంతకంటే ముఖ్యం, ఆ కొత్త పెట్టె వైఫై, దాని అడుగున అంటించిన చీటీ మీది పాస్‌వర్డ్‌తో, తలుపు పక్కన వెలుగుతోంది. వచ్చిపోయే ఎవరైనా ఆ చీటీ చదవవచ్చు. అదే పెట్టెను రీసెట్ చేసినా ఇలాగే జరుగుతుంది. గుర్తుపట్టే ఉపాయం ఒక్కటే: రౌటర్ పేజీలో `WAN` చిరునామా `192.168` తో మొదలైతే బ్రిడ్జ్ పోయిందని అర్థం.

శ్రోతల్లో ఒకరు: బ్రిడ్జ్ చేస్తే వేగం పెరుగుతుందంటారు, నిజమేనా సార్?

పెరగదండి. తగ్గే అవకాశం కూడా ఉంది. మీ ప్లాను 200 ఎంబీపీఎస్ అయి, రౌటర్ `WAN` పోర్టు 100 ఎంబీపీఎస్‌దైతే సగం అక్కడే పోతుంది. చౌక రౌటర్లలో పీపీపీఓఈ పని కూడా ప్రాసెసర్ మీద పడి ఆయాసపడుతుంది. కొనేముందు పోర్టు గిగాబిట్‌దేనా అని చూడండి. వేగాన్ని పరీక్షించేటప్పుడు వైఫైలో కాకుండా వైరుతో చూడండి.

ఇంకొకరు: అయితే ఆ తెల్ల పెట్టె తీసేసి మన రౌటర్‌కే ఫైబర్ పెట్టుకోలేమా?

ఎక్కువ ఇళ్లలో కుదరదండి. కంపెనీ దగ్గర ఉండే యంత్రం ఆ ఓఎన్‌టీ సీరియల్ నంబరును నమోదు చేసుకుని, దాన్ని గుర్తుపడితేనే పలుకుతుంది. మామూలు రౌటర్‌లో ఫైబర్ దూరే రంధ్రం కూడా ఉండదు. అందుకే పెట్టెను తీయకుండా దాని రౌటర్ పనిని మాత్రమే ఆపుతున్నాం.

వెనక నుంచి ఒకరు: బ్రిడ్జ్‌లో ఉండగా నెట్ పోతే కస్టమర్ కేర్ వాళ్లు మీ రౌటర్‌దే తప్పంటున్నారు.

అంటారు, ఒక్కోసారి అది నిజం కూడా. అందుకే ఫోన్ చేసే ముందు కింది పెట్టె దీపాలు చూడండి. `LOS` అనే దీపం ఎర్రగా వెలుగుతుంటే వెలుగే రావడం లేదు, మీ రౌటర్‌కు సంబంధం లేదు, ఆ ఒక్క మాట చెప్పండి చాలు. `PON` దీపం ఆకుపచ్చగా నిలకడగా ఉండి నెట్ లేకపోతే రౌటర్ చిట్టా తెరవండి. అవతలి నుంచి జవాబే రాలేదని ఉందా, యూజర్ పేరు ఒప్పుకోలేదని ఉందా చూడండి. మొదటిదైతే బ్రిడ్జ్ లేదా వీల్యాన్ చెదిరింది. రెండోదైతే ఖాతాలో ఏదో ఉంది, బిల్లు కట్టారో లేదో ముందు అది చూసుకుని ఫోన్ చేయండి.